రిపోర్టులో మిగులు, ఇండెంటుకు అడ్డు

నెలవారీ రిపోర్టు చూస్తే మెయింటెనెన్స్ విభాగానికి 3 లక్షల 60 వేలు మిగులు కనిపిస్తోంది. అదే వారంలో ఆ విభాగం ఇంజనీరు 5 లక్షల 40 వేల రూపాయల విడిభాగాలకు ఇండెంటు పెడితే, బడ్జెట్ దాటిపోతోందంటూ కంప్యూటర్ ఆపేసింది. ఇంజనీరు అకౌంట్స్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ‘మేడమ్, మీరు పంపిన రిపోర్టులోనే మిగిలిందని ఉంది కదా, మరి ఎందుకు ఆపారు?’ అవతలి నుంచి వచ్చిన జవాబు: ‘మేము ఆపలేదు సార్, సిస్టమే ఆపింది.’

ఈఆర్‌పీ పెట్టుకున్న ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో, ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ సంభాషణ నెలకొకసారైనా జరుగుతుంది. ఫోన్‌కు అటు ఉన్నవాళ్ళూ ఇటు ఉన్నవాళ్ళూ చెప్పేది నిజమే. తేడా లెక్కలో ఉంది. రిపోర్టు చూసే డబ్బు వేరు, ఇండెంటును ఆపే తనిఖీ చూసే డబ్బు వేరు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఒక ఇండెంటును పట్టుకుని చివరిదాకా వెళ్ళాలి. ఇక్కడ తీసుకున్న ఫ్యాక్టరీ, అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. సాఫ్ట్‌వేర్ మాత్రం నిజమైనదే. ముంబయికి చెందిన ఫ్రాపే సంస్థ తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్ కాబట్టి లోపల లెక్క ఎలా వేస్తుందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

ముందు కాస్ట్ సెంటర్ అంటే ఏమిటో చూద్దాం. ఒక మందుల ఫ్యాక్టరీ ఏడాదికి విడిభాగాల మీద మూడు కోట్లు ఖర్చుపెట్టిందని ఖాతా పుస్తకం చెబుతుంది. ఆ మూడు కోట్లు ఎవరు ఖర్చుపెట్టారో చెప్పదు. బాయిలర్ హౌసా, మెకానికల్ మెయింటెనెన్సా, క్వాలిటీ కంట్రోల్ ల్యాబా, క్యాంటీనా? ఖర్చుకు జవాబు చెప్పాల్సిన ఒక్కో చోటుకు ఒక్కో పేరు పెట్టి, రాసే ప్రతి ఖర్చు మీదా ఆ పేరు వేస్తే అదే కాస్ట్ సెంటర్. ఖాతా దేనిమీద ఖర్చయిందో చెబుతుంది, కాస్ట్ సెంటర్ ఎవరి చేతుల మీదుగా అయిందో చెబుతుంది. బడ్జెట్ ఈ రెండూ కలిసే గడిలో కూర్చుంటుంది. మన ఉదాహరణలో మెకానికల్ మెయింటెనెన్స్ అనే కాస్ట్ సెంటర్‌కు, విడిభాగాలు-మరమ్మతులు అనే ఖాతా కింద, ఏడాదికి 60 లక్షలు ఇచ్చారు. నెలల వారీ పంపకం విడిగా చెప్పకపోతే ఈఆర్‌పీనెక్స్ట్ దాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది. అంటే నెలకు 5 లక్షలు.

ఏప్రిల్ నుంచి ఆగస్టు చివరిదాకా ఐదు నెలలకు బడ్జెట్ 25 లక్షలు. ఖాతాలో పడిన ఖర్చు 21 లక్షల 40 వేలు. తేడా 3 లక్షల 60 వేలు. `Budget Variance Report` అనే రిపోర్టులో కనిపించేది ఈ మూడు అంకెలే: బడ్జెట్, అసలు ఖర్చు, వాటి మధ్య తేడా. ఇక్కడ తేడా అంటే బడ్జెట్‌లోంచి ఖర్చు తీసేస్తే వచ్చేది, కాబట్టి కూడిక గుర్తు ఉంటే మిగులు. ఎస్‌ఏపీ వాడే కంపెనీల్లో అందరూ తీసే `S_ALR_87013611` రిపోర్టులో లెక్క తిరగబడి ఉంటుంది. అక్కడ ఖర్చులోంచి ప్లాన్ తీసేస్తారు, కాబట్టి మైనస్ వస్తేనే మిగులు. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారిన మేనేజర్లు మొదటి నెల మీటింగులో ఈ గుర్తు దగ్గరే తడబడుతుంటారు.

అసలు సంగతి ‘ఖర్చు’ అన్న గడిలో ఉంది. ఆ గడిలోకి వచ్చేది ఖాతాలో పడ్డది మాత్రమే. స్టాకులోకి తీసుకోకుండా నేరుగా వాడేసే విడిభాగాలకు, బయటివాళ్ళతో చేయించే మరమ్మతులకు, సరఫరాదారు బిల్లు నమోదయిన రోజునే ఖర్చు ఖాతాలో పడుతుంది. ఇండెంటు పెట్టిన రోజున పడదు, ఆర్డరు ఇచ్చిన రోజునా పడదు. చెక్కు రాసిచ్చిన మర్నాడు పాస్‌బుక్ చూసుకుంటే బ్యాలెన్సు నిండుగా కనిపించినట్టే ఇదీ. డబ్బు ఖాతాలో ఉంది గానీ మనది కాదు.

ఇండెంటును ఆపే తనిఖీ ఆ చెక్కును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఇండెంటును `Material Request` అంటారు. ఇంజనీరు వివరాలు నింపి `Save` నొక్కితే ఏ అడ్డూ ఉండదు, డ్రాఫ్టుగా నిలబడుతుంది. `Submit` నొక్కినప్పుడు మొదలవుతుంది పరీక్ష. ఖాతాలో ఇప్పటిదాకా పడిన ఖర్చుకు, ఆర్డరయ్యి ఇంకా బిల్లు రాని మొత్తాన్ని, దానికి ఇండెంటు పెట్టి ఇంకా ఆర్డరు కాని మొత్తాన్ని కలుపుతుంది. ఇప్పుడు అడుగుతున్నదీ ఆ ఇండెంట్లలో భాగమే. ఆ కూడిక బడ్జెట్‌ను దాటితే ఆపుతుంది. ఈ మధ్యలో వేలాడే సొమ్మునే ఫైనాన్స్ వాళ్ళు కమిట్‌మెంట్ అంటారు.

మన ఇంజనీరు సెప్టెంబరు 9న పెట్టిన ఇండెంటులో సాల్వెంట్ పంపులకు మెకానికల్ సీళ్ళు, బేరింగులు, ఒక ఇంపెల్లర్ ఉన్నాయి. నెలాఖరులో వార్షిక షట్‌డౌన్, అప్పటికి చేతికి రావాలి. లెక్క ఇలా పడింది. ఖాతాలో పడ్డది 21 లక్షల 40 వేలు. వేలాడుతున్న ఆర్డర్లు, పాత ఇండెంట్లు కలిపి 6 లక్షల 30 వేలు. కొత్త ఇండెంటు 5 లక్షల 40 వేలు. మొత్తం 33 లక్షల 10 వేలు. సెప్టెంబరు చివరిదాకా బడ్జెట్ 30 లక్షలు. దాటింది 3 లక్షల 10 వేలు. ఏడాది బడ్జెట్ 60 లక్షలతో పోల్చి ఉంటే ఇది సునాయాసంగా వెళ్ళిపోయేది. కానీ ఈ కంపెనీలో `Action if Accumulated Monthly Budget Exceeded on MR` అన్న గడిలో `Stop` పెట్టారు. అంటే నడుస్తున్న నెల చివరిదాకా పోగైన బడ్జెట్‌ను దాటితే ఇండెంటు కదలదు. అక్కడే `Warn` పెట్టి ఉంటే హెచ్చరించి వదిలేసేది, `Ignore` పెట్టి ఉంటే ఆ మాటే ఎత్తేది కాదు.

ఇక్కడ చాలా చోట్ల జరిగేది ఏమిటంటే, ఇంజనీరు ప్లాంటు మేనేజరు దగ్గరకు వెళ్తాడు, ఆయన ఫైనాన్స్ హెడ్‌కు ఫోన్ చేస్తాడు, ఆయన బడ్జెట్ పెంచమంటాడు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఎందుకు ఆగిందో మాత్రం ఎవరూ చూడరు. చూడాల్సింది ఆ 6 లక్షల 30 వేలను. మన ఉదాహరణలో అందులో నాలుగు ముక్కలున్నాయి.

మొదటిది వాల్వుల ఆర్డరు, 2 లక్షల 60 వేలు. సరుకు ఆగస్టు 28న గేటు దాటి లోపలికి వచ్చింది. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాలేదని బిల్లు అకౌంట్స్‌లో పక్కన పెట్టారు. రెండోది మోటార్ల రీవైండింగు, 1 లక్షా 20 వేలు. పని ఆగస్టులోనే అయిపోయింది, మోటార్లు తిరుగుతున్నాయి, వర్క్‌షాపు ఆయన బిల్లు ఇంకా పంపలేదు. ఈ రెండూ నిజమైన అప్పులే, ఆగస్టు ఖర్చులే. కలిపితే 3 లక్షల 80 వేలు. అంటే రిపోర్టులో కనిపించిన 3 లక్షల 60 వేల మిగులు నిజానికి 20 వేల లోటు. ఆ మిగులు పొదుపు వల్ల వచ్చింది కాదు, బిల్లులు ఆలస్యం కావడం వల్ల వచ్చింది. వేరియెన్స్ రిపోర్టు చూసి మెయింటెనెన్స్ వాళ్ళను మెచ్చుకున్న మేనేజరు ఉంటే, ఆ మెచ్చుకోలు వర్క్‌షాపు బిల్లింగ్ గుమాస్తాకు చెందాలి.

దీనికి అకౌంట్స్‌లో పాత మందు ఉంది. నెలాఖరున, సరుకు వచ్చి బిల్లు రాని వాటికీ పని అయ్యి బిల్లు రాని వాటికీ అంచనాగా ప్రొవిజన్ ఎంట్రీ వేస్తారు. అప్పుడు రిపోర్టు ఆ నెల నిజాన్ని చెబుతుంది. కాకపోతే ఒక చిక్కు. ప్రొవిజన్ వేసినప్పుడు ఆ మొత్తం ఖర్చు ఖాతాలో పడుతుంది, ఆర్డరు మాత్రం బిల్లు రానిదిగానే ఉంటుంది కాబట్టి కమిట్‌మెంట్‌లోనూ ఉంటుంది. బడ్జెట్ తనిఖీ ఒకే సొమ్మును రెండుసార్లు కలుపుతుంది. అందుకే ఆ ఎంట్రీని మరుసటి నెల ఒకటో తారీఖునే తిప్పి రాయాలి. తిప్పడం మరిచిపోతే ఆ వారమంతా ఇండెంట్లు కారణం తెలియకుండా ఆగుతూనే ఉంటాయి. అన్ని విభాగాలవీ ఒకేసారి ఆగడం మొదలైతే ముందు అనుమానించాల్సింది ఈ ఎంట్రీనే.

మూడో ముక్క 1 లక్షా 40 వేలు. మే నెలలో ఫ్లాంజులు, బోల్టులకు ఇచ్చిన ఆర్డరులో మిగిలిపోయిన భాగం. సరఫరాదారు సగం పైగా పంపాడు, పంపినదానికి బిల్లు వచ్చింది, డబ్బూ చెల్లించారు. మిగతాది ఆ రేటుకు పంపలేనన్నాడు. ఫోన్‌లో సరేనన్నారు, వేరే దుకాణంలో కొనేశారు. ఆర్డరును మాత్రం ఎవరూ మూయలేదు. రాని సరుకు కోసం 1 లక్షా 40 వేలు నాలుగు నెలలుగా పట్టి ఉంచారన్నమాట. నాలుగోది 1 లక్షా 10 వేలు, జూన్‌లో ఇద్దరు షిఫ్ట్ ఇంజనీర్లు ఒకరికి తెలియకుండా ఒకరు పెట్టిన ఒకే ఇండెంటు. ఒకదానికి ఆర్డరు వెళ్ళింది, రెండోది అలాగే పడి ఉంది.

ఈ చివరి రెండు చచ్చిన కమిట్‌మెంట్లు. కొనుగోలు విభాగం వాళ్ళు ఆ ఆర్డరు తెరిచి స్థితిని `Closed` చేస్తే, ఆ ఇండెంటును `Stopped` చేస్తే, తనిఖీ వాటిని లెక్కలోంచి వదిలేస్తుంది. ఎస్‌ఏపీలో ఇదే పనికి ఆర్డరు లైనులో ‘డెలివరీ పూర్తయింది’ అన్న టిక్కు పెడతారు. రెండు నిమిషాల పని. దాంతో 2 లక్షల 50 వేలు ఊడి వస్తాయి. 33 లక్షల 10 వేలు కాస్తా 30 లక్షల 60 వేలకు దిగుతుంది. బడ్జెట్ పెంచమని అడగాల్సింది 3 లక్షల 10 వేలు కాదు, 60 వేలే.

ఆ 60 వేలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ విభాగం దుబారా చేసిందని కాదు. షట్‌డౌన్ ఏటా సెప్టెంబరులోనే వస్తుందని అందరికీ తెలుసు. ఏడాదిలో సగం పంపులు ఆ వారంలోనే విప్పుతారు. అయినా బడ్జెట్‌ను మాత్రం పన్నెండు సమాన ముక్కలు చేసి పెట్టారు. పండగ నెలకూ మామూలు నెలకూ ఒకే వెచ్చాలు రాసిచ్చినవాళ్ళను ఇంట్లో ఎవరూ ఊరుకోరు గానీ, ఆఫీసులో ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో `Monthly Distribution` అనే పట్టిక ఉంది. అందులో నెలనెలా ఎంత శాతమో రాసుకోవచ్చు. నెలకు 8.33 శాతం బదులు సెప్టెంబరుకు 14 శాతం రాసి, ఆ మేరకు మిగతా నెలల్లో తగ్గించి ఉంటే, ఈ ఇండెంటు ఆగేదే కాదు.

ఈ ఏడాదికి మాత్రం వేరే దారి చూసుకోవాలి. కంపెనీ సెట్టింగుల్లో `Exception Budget Approver Role` అని ఒక గడి ఉంటుంది. అక్కడ పేర్కొన్న హోదా ఉన్నవాళ్ళు `Submit` నొక్కితే `Stop` కూడా `Warn`గా మారుతుంది, హెచ్చరిక చూపి ముందుకు పోనిస్తుంది. మన ఉదాహరణలో ప్లాంటు మేనేజరు ఆ హోదాతో, 60 వేలు షట్‌డౌన్ వల్ల దాటాయని కారణం రాసి పంపించేశారు. ఈ హోదా ఒకరికో ఇద్దరికో ఉండాలి. పదిమందికి ఇచ్చిన చోట తనిఖీ ఉన్నా లేనట్టే. అసలెవరికీ ఇవ్వని చోట రాత్రి రెండింటికి పంపు పగిలితే నోటిమాట మీద సరుకు తెచ్చుకుని, ఇండెంటు తర్వాత ఎప్పుడో పెడతారు. అలా తెచ్చిన సరుకు ఏ లెక్కలోనూ లేని అప్పు.

అడ్డు పెడితే దాటే దారులు వెతికేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అన్నిటికన్నా తేలికైనది రేటు రాయకపోవడం. ఇండెంటు విలువ అంటే పరిమాణాన్ని రేటుతో గుణించడమే. రేటు గడిలో సున్నానో రూపాయో వేస్తే తనిఖీకి కనిపించేది అంతే. ఇండెంటు దర్జాగా దాటుతుంది, నాలుగు కొటేషన్లు తెప్పించి ఆర్డరు తయారుచేశాక అక్కడ ఆగుతుంది. అప్పటికి కొనుగోలు విభాగం వారం రోజుల పని వృథా. రూపాయి రేటుతో ఉన్న ఇండెంట్ల జాబితా తీస్తే ఈ అలవాటు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. ఇంకో దారి, పక్క విభాగం కాస్ట్ సెంటర్ వేయడం. బాయిలర్ హౌస్ బడ్జెట్‌లో పంపు సీళ్ళు కనిపిస్తే వేరియెన్స్ రిపోర్టు ఇద్దరి విషయంలోనూ అబద్ధం చెబుతుంది. ఇది పట్టుబడటం కష్టం, ఎందుకంటే బడ్జెట్ పోయినవాళ్ళకు కూడా లైను లైనుగా ఖాతా తీసి చూసుకునే ఓపిక ఉండదు.

మూడోది దారి కాదు, తనిఖీకి ఉన్న హద్దు. తరచూ వాడే బేరింగుల్లాంటివి స్టోర్స్ తన స్టాకు కోసం కొంటుంది. కొన్నప్పుడు వాటి విలువ సరుకు నిల్వ ఖాతాలోకి వెళ్తుంది, మెయింటెనెన్స్ ఖర్చులోకి కాదు. మెయింటెనెన్స్ వాళ్ళు స్టోర్స్ నుంచి తీసుకున్న రోజున గానీ ఖర్చు వాళ్ళ కాస్ట్ సెంటర్ మీద పడదు. ఆ కొనుగోలుకు వాళ్ళ బడ్జెట్ తనిఖీ వర్తించదన్నమాట. నేరుగా కొంటే ఆగుతుందని తెలిసి అన్నీ స్టాకు వస్తువులుగా మార్చేసిన విభాగాల్లో తనిఖీ చెక్కుచెదరకుండా ఉంటుంది, నెలాఖరున రిపోర్టులో మాత్రం లోటు ఉన్నట్టుండి ఊడిపడుతుంది.

ఇంతకీ ఆపాలంటే ఎక్కడ ఆపాలి? ఈఆర్‌పీనెక్స్ట్‌లో మూడు గేట్లున్నాయి: ఇండెంటు దగ్గర, ఆర్డరు దగ్గర, ఖర్చు ఖాతాలో పడేటప్పుడు. మూడింటికీ వేర్వేరుగా `Stop`, `Warn`, `Ignore` పెట్టుకోవచ్చు. చాలామంది జాగ్రత్త పేరుతో మూడింటికీ `Stop` పెట్టేస్తారు. నా మటుకు అది తప్పు. ఇండెంటు దగ్గర ఆపితే నష్టపోయేవాళ్ళు లేరు, కాగితం మీద మాట అది. బిల్లు దగ్గర ఆపితే సరుకు వచ్చేసింది, వాడేశారు, అప్పు ఖాయమైపోయింది. బిల్లు ఆపినంత మాత్రాన ఖర్చు ఆగదు, సరఫరాదారు డబ్బు మాత్రమే ఆగుతుంది. పనంతా చేయించుకుని బిల్లు దగ్గర ‘పద్దులో నిధులు లేవు’ అనిపించుకోవడం ఎలా ఉంటుందో ప్రభుత్వ పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లను అడిగితే చెబుతారు. ఇండెంటు దగ్గర కచ్చితంగా ఆపి, ఆర్డరు దగ్గర రేటు పెరుగుదలకు హెచ్చరించి, బిల్లు దగ్గర వదిలేయడమే న్యాయం.

ఎస్‌ఏపీ వాడేవాళ్ళకు ఒక మాట. పాత ఎస్‌ఏపీలో కాస్ట్ సెంటర్ ప్లాన్ పోల్చి చూసుకోవడానికే ఉండేది, దాన్ని దాటితే ఆపే ఏర్పాటు మామూలుగా లేదు. ఆపాలంటే ఇంటర్నల్ ఆర్డరు, ప్రాజెక్టు, లేదా ఫండ్స్ మేనేజ్‌మెంట్ వాడుకోవాల్సి వచ్చేది. కాస్ట్ సెంటర్ మీదే బడ్జెట్ తనిఖీ ఎస్/4హానా కొత్త వెర్షన్లలో వచ్చింది. కాబట్టి ‘మా దగ్గర బడ్జెట్ ఎక్కించాం, అయినా ఏదీ ఆగడం లేదు’ అనే కంపెనీలు ముందు ఏ వెర్షనో, ఎక్కించినది ప్లానో బడ్జెట్టో చూసుకోవాలి.

ఇక మార్చి. ఈఆర్‌పీనెక్స్ట్ తనిఖీ నడుస్తున్న ఆర్థిక సంవత్సరంలో తేదీ వేసిన ఆర్డర్లనే కమిట్‌మెంట్‌గా లెక్కిస్తుంది. మార్చి 25న ఇచ్చిన ఆర్డరు ఏప్రిల్ 1న ఆ లెక్కలోంచి జారిపోతుంది. కొత్త బడ్జెట్ 60 లక్షలూ ఖాళీగా, నిండుగా కనిపిస్తాయి. ఏప్రిల్ మూడో వారం నుంచి మార్చి ఆర్డర్ల బిల్లులు వచ్చి నేరుగా ఖర్చులో పడతాయి. మేలో ఇండెంట్లు ఆగడం మొదలవుతుంది, ఏప్రిల్‌లో ఎక్కువ ఖర్చుపెట్టలేదే అని విభాగాధిపతి తల పట్టుకుంటాడు. మీ చేతిలో ఒక కాస్ట్ సెంటర్ ఉంటే, ఏప్రిల్ మొదటి వారంలో పోయిన ఏడాది ఇచ్చి బిల్లు రాని ఆర్డర్ల జాబితా తీయించుకోండి. వచ్చేది లేనివి అప్పుడే మూయించండి. వచ్చేవాటి మొత్తాన్ని కొత్త బడ్జెట్‌లోంచి తీసేసి, మిగిలినదే ఈ ఏడాది మీ బడ్జెట్ అనుకుని పని మొదలుపెట్టండి.